యానాం కూడా జిల్లానే, కచ్ కూడా జిల్లానే. ఈ లెక్క ఎవరు వేశారు?

పటాల_పిచ్చి (జులై 2025)

మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం భారతదేశం పటం గీస్తూ కూర్చున్నాను. వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. గుజరాత్‌లోని కచ్ జిల్లా 45,674 చదరపు కిలోమీటర్లు. కేరళ మొత్తం కలిపినా 39 వేల లోపే, అందులో 14 జిల్లాలు. ఇటు చూస్తే మన కాకినాడ పక్కనున్న యానాం 30 చదరపు కిలోమీటర్లు. జనగణన పుస్తకంలో అదీ జిల్లానే. జనాభా చూద్దామంటే 2011లో మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో కోటీ పది లక్షల మంది ఉన్నారు. అరుణాచల్‌లోని దిబాంగ్ వ్యాలీ జిల్లాలో ఎనిమిది వేల నలుగురు. పొరపాటు చదవలేదు, 8,004.

జిల్లా అంటే ఇంత ఉండాలని ఎక్కడైనా రాసి ఉందా? రాష్ట్రానికి ఎన్ని జిల్లాలో ఎవరు, దేన్ని చూసి తేలుస్తారు?

తిక్క_శంకరం

8,004 మందికి ఒక కలెక్టరా? మా అపార్ట్‌మెంట్లు నాలుగు కలిపితే అంత ఉంటాం. మాకో కలెక్టర్ని ఇవ్వండి, ముందు లిఫ్ట్ బాగు చేయిస్తాం.

ప్రసాద్_హైకోర్టు_రోడ్

ఇందులో వింతేముంది? కొత్త రాష్ట్రాల్లాగే జిల్లాలకూ పార్లమెంటులో బిల్లు పెడతారు. ఢిల్లీ ఒప్పుకుంటే జిల్లా, లేకపోతే లేదు. అందుకే పలుకుబడి ఉన్న రాష్ట్రాలకు ఎక్కువ జిల్లాలు.

పాత_తాసిల్దార్

ప్రసాద్ గారూ, అది రాష్ట్రాల సంగతి. రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు మార్చేది రాష్ట్రాల హద్దుల్ని. జిల్లా జోలికి అది రాదు. జిల్లా పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పని. మనకు 1974లో చేసిన జిల్లాల ఏర్పాటు చట్టం ఉంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే తన పేరుతో వాడుకుంది. ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలకు 30 రోజులు గడువు ఇవ్వాలి, తర్వాత తుది నోటిఫికేషన్. అంతే, జిల్లా పుట్టేసింది. అసెంబ్లీలో ఓటింగ్ కూడా అక్కర్లేదు.

ఇక పటాల_పిచ్చి గారి అసలు ప్రశ్నకు: ఇంత విస్తీర్ణం ఉండాలని, ఇంత జనాభా ఉండాలని ఆ చట్టంలో ఒక్క అంకె లేదు. మెరుగైన పరిపాలన కోసం అని మాత్రం ఉంటుంది. ఆ మాట కింద ఏదైనా పడుతుంది.

పటాల_పిచ్చి

అంటే అడ్డూ అదుపూ లేదా? రేపు ఒక రాష్ట్రం వంద జిల్లాలు చేస్తే?

పాత_తాసిల్దార్

చేయొచ్చు. డబ్బు వాళ్లదే. దేశంలో 2001 జనగణనకు 593 జిల్లాలు, 2011కి 640. ఇప్పుడు 780 దాటాయి. ఎవరూ ఆపలేదుగా.

లెక్కల_మాస్టారు

ఒకటి గమనించండి. వీటిలో చాలా జిల్లాలు ఖాళీ కాగితం మీద గీసినవి కావు. ఉన్నదాన్ని కోస్తేనే కొత్తది వస్తుంది. అంటే ఇప్పటి సైజు చూసి లాభం లేదు, దాని తల్లి ఎవరు, ఎన్నిసార్లు కోశారు అని చూడాలి.

రాయలసీమనే తీసుకోండి. 1800లో నిజాం ఆ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. మొత్తానికి థామస్ మన్రో ఒక్కడే ప్రధాన కలెక్టరు, కింద సబ్ కలెక్టర్లు. 1808లో దాన్ని బళ్లారి, కడప అని రెండు చేశారు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం వచ్చింది. ఆ అనంతపురాన్ని 140 ఏళ్ల తర్వాత, 2022లో, మళ్లీ కోశారు. 19,130 చదరపు కిలోమీటర్లలో 8,925 శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది, 10,205 మిగిలింది. అంత కోత పడ్డా అనంతపురం ఒక్కటే ఇంకా గోవాకు రెండున్నర రెట్లకు పైనే ఉంది.

కచ్‌ను అసలు కోయలేదు. అది ఒక సంస్థానం. స్వాతంత్ర్యం తర్వాత కొన్నాళ్లు విడి రాష్ట్రంగా ఉంది. 1956లో బొంబాయిలో కలిపినప్పుడు రాజ్యం మొత్తం ఒకే జిల్లా అయి కూర్చుంది. 2013లో గుజరాత్ ఏడు కొత్త జిల్లాలు చేసినప్పుడు కూడా కచ్ జోలికి పోలేదు.

సీలేరు_గాలి

కచ్‌లో సగం ఉప్పు ఎడారే కదా మాస్టారూ. ఆ రణ్‌లో ఉండేది అడవి గాడిదలు, బీఎస్ఎఫ్ వాళ్లు. కోస్తే ఎవరికి ఉపయోగం?

లెక్కల_మాస్టారు

ఒప్పుకుంటా. 2011లో కచ్ జనాభా 20.9 లక్షలు. జనం పరంగా చూస్తే మామూలు జిల్లానే. చదరపు కిలోమీటర్లు చూసి మనమే బెదిరిపోతున్నాం.

గోదారి_గట్టు

యానాం గురించి ఒక మాట. మా ఊరి నుంచి బైకు మీద పావుగంట. యానాంలో కలెక్టరు ఉండడు అండీ. రీజినల్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. కలెక్టర్లు పుదుచ్చేరిలో, కారైకాల్‌లో ఉంటారు. మాహేలోనూ యానాంలోనూ అడ్మినిస్ట్రేటర్లే. జనగణన వాళ్లు మాత్రం నాలుగింటినీ జిల్లాల కింద రాసేస్తారు, ఎందుకంటే ఒకటి మన గోదావరి పక్కన, ఒకటి కేరళ మధ్యలో, ఒకటి తమిళనాడు మధ్యలో ఉంది. ఫ్రెంచి వాళ్లు ఎక్కడెక్కడ కొట్లు పెట్టుకున్నారో అక్కడక్కడ మిగిలిపోయిన ముక్కలు. దేనితో కలుపుతారు?

కాబట్టి జిల్లా అనే మాట కూడా ఎవరు లెక్కపెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

పటాల_పిచ్చి

ఇది తెలియదు. మా వాడికి చెప్తే "అయితే యానాం మీద నక్షత్రం గుర్తు పెట్టనా" అంటున్నాడు.

ప్రసాద్_హైకోర్టు_రోడ్

సరే, పార్లమెంటు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ బ్రిటిష్ వాడు పద్ధతిగా గీశాడని విన్నా. కలెక్టరు గుర్రమెక్కి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి జిల్లా చివరకు చేరాలట. దాన్ని బట్టి సైజు పెట్టారట.

పాత_తాసిల్దార్

ఈ గుర్రం కథ నా సర్వీసంతా విన్నాను. ఆ గుర్రం దొరికితే నాకూ ఒకటి కావాలి. అనంతపురం జిల్లాను ఒక్క రోజులో దాటే గుర్రం ఏ రేసు కోర్సులోనూ ఉండదు.

కంపెనీ వాళ్లకు కావలసింది శిస్తు. కలెక్టర్ అన్న పేరే అందుకు వచ్చింది. రైత్వారీ ప్రాంతాల్లో ఏటా జమాబందీ జరగాలి. ఏ పట్టాదారు ఎంత కట్టాలో లెక్కలు తనిఖీ చేసి ఖాయం చేయాలి. ఆ పని ఒక కలెక్టరు, ఆయన కింది ఇద్దరు ముగ్గురు అధికారులు ఏడాదిలో ముగించగలిగినంత మేర జిల్లా. మెట్ట నేలలో పట్టాలు తక్కువ, తగాదాలు తక్కువ, జిల్లా పెద్దదైనా నడుస్తుంది. డెల్టాలో ప్రతి కాలవకూ తగాదానే.

గుంటూరు చూడండి. 1859లో ఆ జిల్లాను రద్దు చేసి కృష్ణాలో కలిపేశారు. 1904లో మళ్లీ పుట్టించారు. ఈ మధ్యలో ఏం మారింది? కృష్ణా ఆనకట్ట కింద సాగు పెరిగింది, జనం పెరిగారు, పని పెరిగింది. 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరిని విడదీయడానికీ అదే కారణమని నా లెక్క. కాదనేవాళ్లు ఉండొచ్చు.

లెక్కల_మాస్టారు

జిల్లాలు చచ్చి మళ్లీ పుడతాయన్నది బాగుంది. మనవాళ్లు పెరగడమే చూశారు, రద్దవడం ఎవరూ చూడలేదు.

శ్రావణి_ఎస్జీటీ

మా తెలంగాణలో 10 జిల్లాలు 2016 దసరాకి 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. ఇందులో కలెక్టరు గుర్రమూ లేదు, జమాబందీ లేదు. ఆగస్టులో ముసాయిదా ఇచ్చినప్పుడు కొత్తవి 17 అన్నారు. అక్టోబరు 11న వచ్చేసరికి 21 అయ్యాయి. మధ్యలో చేరినవి గద్వాల, జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్. జనగామలో నెలల తరబడి బందులు, దీక్షలు. ఎన్ని జిల్లాలో ఎలా తేలుస్తారంటే ఒక జవాబు ఇది: ముసాయిదాకీ తుది జీవోకీ మధ్య ఎవరు ఎక్కువ రోజులు రోడ్డు మీద కూర్చుంటారో చూసి.

తిక్క_శంకరం

అలాగైతే ట్రాఫిక్ జామ్‌లో రోజూ రోడ్డు మీదే ఉంటున్నాం, మాకూ రావాలిగా.

పాత_తాసిల్దార్

శ్రావణి గారు చెప్పినదాన్ని కాదనను, కానీ అభ్యంతరాలన్నీ దండగ అనుకోవద్దు. ఒక విభజన సమయంలో వాటిని విడగొట్టే పని మా ఆఫీసుకు పడింది. గోనె సంచుల్లో వచ్చాయి. చాలావరకు ఒకే నమూనా, కింద పేరు మాత్రం మారుతుంది, కొన్నింటి మీద వేలిముద్రలు. వాటి మధ్యలో చేత్తో రాసిన అర ఠావు కాగితాలు ఉండేవి. "మా ఊరికి కొత్త జిల్లా కేంద్రానికి బస్సు లేదు, పాతదానికి మూడు ఉన్నాయి" అని ఒకాయన బస్సు టైములతో సహా రాశాడు. పటం మీద ఆ ఊరు కొత్త కేంద్రానికే దగ్గర. మధ్యలో వాగు ఉంది, వంతెన లేదు. పటంలో వంతెన లేకపోవడం కనపడదు. ఆ మండలాన్ని చివరికి పాత జిల్లాలోనే ఉంచారు.

ఇంకోటి, జిల్లాను మండలాల్ని ఇటుకల్లా పేర్చి కడతారు. అయినంతవరకు మండలాన్ని చీల్చరు. ఇటుక సరిపోనప్పుడు ఇటుకే కొత్తది చేస్తారు. 2016లో తెలంగాణలో 459 మండలాలు 584 అయింది అందుకే.

విశాఖ_వినోద్

ఆంధ్రలో మాత్రం ఫార్ములా ఉందిగా. 2022లో ఒక లోక్‌సభ స్థానానికి ఒక జిల్లా. నియోజకవర్గాలన్నీ దాదాపు ఒకే జనాభాతో ఉంటాయి కాబట్టి జిల్లాలూ సమానంగా వచ్చాయి. దేశమంతా ఇదే పెడితే పటాల_పిచ్చి గారి సమస్య తీరిపోతుంది. 543 జిల్లాలు, అన్నీ సమానం.

లెక్కల_మాస్టారు

అక్కడే తిరకాసు, వినోద్ గారూ. జనాభా సమానం చేశారంటే విస్తీర్ణం అసమానం చేసినట్టే. రెండూ ఒకేసారి సమానం కావాలంటే జనం పొలంలో నారు నాటినట్టు సమంగా పరుచుకుని ఉండాలి.

అరకు స్థానాన్నే చూద్దాం, 25 సీట్లకు 26 జిల్లాలు ఎందుకు వచ్చాయో కూడా తెలుస్తుంది. ఆ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. పాలకొండ శ్రీకాకుళం జిల్లాలోది. కురుపాం, పార్వతీపురం, సాలూరు విజయనగరానివి. అరకు, పాడేరు విశాఖవి. రంపచోడవరం తూర్పు గోదావరిది. నాలుగు పాత జిల్లాల కొండ అంచుల్ని కత్తిరించి ఒక పొడవాటి పట్టీగా కుట్టిన స్థానం అది. ఓటు వేయడానికి ఐదేళ్లకోసారి కాబట్టి నడిచింది. అదే ఒక్క జిల్లా చేస్తే ఒక చివర ఒడిశా దగ్గర నాగావళి వైపు, ఇంకో చివర ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో శబరి ఒడ్డున. అందుకే దాన్ని రెండుగా కోశారు. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు కలిసి పార్వతీపురం మన్యం. అరకు, పాడేరు, రంపచోడవరం కలిసి అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఇప్పుడు ఫలితం చూడండి. జనాభా రెండింటిలోనూ 9 లక్షల పైచిలుకు, చక్కగా సమానం. విస్తీర్ణం? మన్యం మూడున్నర వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అల్లూరి జిల్లా 12 వేల పైన. అదే ఫార్ములాతో వచ్చిన మీ విశాఖ జిల్లా వెయ్యి చదరపు కిలోమీటర్ల పైన కొద్దిగా, జనం 19 లక్షలు దాటి. మన్యం, అల్లూరి జిల్లాలు రెండూ కలిపితే ఎంత మందో విశాఖలో దాదాపు అంత మంది.

విశాఖ_వినోద్

అంకెలు చూసి నోరు మూతపడింది. కానీ విశాఖ అంత చిన్నది కావడం వల్ల మాకేం నష్టం లేదే. నాకు కలెక్టరేటుకు వెళ్లాల్సిన పనే పడదు. రోడ్డు, నీళ్లు, చెత్త అన్నీ కార్పొరేషన్ చూస్తుంది.

పాత_తాసిల్దార్

సరిగ్గా చెప్పారు. హైదరాబాద్‌ను 2016లో కదిలించకపోవడానికీ అదే కారణం అయి ఉండాలి. 217 చదరపు కిలోమీటర్లు, 39 లక్షల మంది. నగరంలో జనం పని పడేది కార్పొరేషన్ వార్డు ఆఫీసుతో. పల్లెల్లో భూమి, పింఛను, రేషను, ధ్రువపత్రం అన్నీ కలెక్టరు గొడుగు కిందే. అందుకే జిల్లా కేంద్రం ఎంత దూరమన్న బాధ పల్లెటూరి బాధ.

సీలేరు_గాలి

ఇందాకటి నుంచి చదువుతున్నా. మాస్టారు చెప్పిన ఆ శబరి ఒడ్డు చివర మాది. చింతూరు వైపు.

మా తాత ఒకే ఇంట్లో పుట్టి ఒకే ఇంట్లో పోయాడు. ఆయన పుట్టినప్పుడు మాది తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం ప్రాంతంతో కలిపి ఖమ్మం జిల్లాకు వేశారు. 2014లో పోలవరం ముంపు పేరుతో మా మండలాల్ని మళ్లీ తూర్పు గోదావరికి తెచ్చారు. ఆయన పోయింది 2020లో. రెండేళ్లు ఆగి ఉంటే అల్లూరి జిల్లా కూడా చూసేవాడు. ఇల్లు కదలలేదు, జిల్లాలే మా ఇంటి మీదుగా నడిచి వెళ్లాయి.

ఖమ్మం జిల్లాగా ఉన్నప్పుడు భద్రాచలంలో చాలా పనులు అయిపోయేవి. తర్వాత కాకినాడ. ఇప్పుడు పాడేరు. మోతుగూడెం, సీలేరు మీదుగా ఘాట్ ఎక్కాలి. తెల్లారకముందు బయల్దేరితే ఆఫీసులో సారు భోజనానికి లేచే వేళకు చేరతాం. వానాకాలంలో కొండచరియ పడితే అదీ లేదు. నా భూమి కాగితం కోసం మూడుసార్లు పోయాను. కొత్త ఆఫీసులో "ఫైలు పాత జిల్లా నుంచి రాలేదు" అన్నారు. పాత ఆఫీసులో రిజిస్టరు తీసి చూపించారు, ఎర్ర గుడ్డ మూటలో కట్టి పంపినట్టు తేదీతో సహా ఉంది. మూట ఏ గదిలో ఉందో ఎవరికీ తెలియదు. మూడోసారి ఒక అటెండరు మెట్ల కింద గుట్టలో వెతికి తెచ్చాడు. మూట మీద ముడి కూడా విప్పలేదు.

గోదారి_గట్టు

అన్నా, చింతూరులో గిరిజనుల పనులు చూసే ఐటీడీఏ ఆఫీసు ఉంది కదా? చాలా పనులకు అక్కడి ప్రాజెక్టు ఆఫీసరు దగ్గరకే వెళ్తారనుకున్నా.

సీలేరు_గాలి

ఉంది తమ్ముడూ, అదే మమ్మల్ని బతికిస్తోంది. పింఛను, హాస్టలు, ఆసుపత్రి మాటలు అక్కడే. మా జిల్లాలో పాడేరు, రంపచోడవరం, చింతూరు అని మూడు ఐటీడీఏలు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఇవే అసలు జిల్లాలని, పాడేరులో ఉన్నది బోర్డని. కానీ భూమి అప్పీలు, ఎస్పీ ఆఫీసు, ట్రెజరీ అంటే ఘాటు ఎక్కాల్సిందే.

పటాల_పిచ్చి

మరి ఇంకో జిల్లా చేస్తే పోలా? ఖర్చేనా అడ్డు?

పాత_తాసిల్దార్

ఖర్చంటే భవనం కాదు. భవనం ఏ పాత కాలేజీలోనో సర్దుతారు. మనుషులు. జిల్లా అనగానే కలెక్టరు, ఎస్పీ ఒక్కరే కాదు. డీఈవో, డీఎంహెచ్‌వో, వ్యవసాయం, పశుసంవర్ధకం, ట్రెజరీ, రిజిస్ట్రార్, ఇలా డజన్ల కొద్దీ శాఖలకు ఒక్కో జిల్లా అధికారి కావాలి. 2022లో ఆంధ్రలో కొత్త పోస్టులు ఇవ్వడం కన్నా ఉన్నవాళ్లనే పంచారు. కొత్త చోట పని చేయమని ఆర్డర్ టు సర్వ్ అనే కాగితం చేతిలో పెట్టి పంపారు. నలుగురు చేసే సెక్షన్‌ను ఇద్దరిద్దరుగా విడదీస్తే పని సగం కాదు, రెండు చోట్లా ఆగుతుంది. ఒకరు సెలవు పెడితే ఆ సీటు ఖాళీ. సీలేరు_గాలి గారి మూట మెట్ల కింద ఉండటానికి నాకు తోచిన కారణం అదే. విప్పే మనిషి లేడు.

అందుకని జిల్లా ఎంత చిన్నదైతే అంత మంచిది అన్న మాట కొంతవరకే నిజం. కేంద్రం దగ్గరవుతుంది, లోపల కుర్చీలు ఖాళీ అవుతాయి.

శ్రావణి_ఎస్జీటీ

ఖాళీ కుర్చీల కన్నా నిండిన కుర్చీల కథ చెప్తా. మా ఉద్యోగాలు జిల్లా కేడర్ కింద వస్తాయి. రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం. జిల్లాలు 33 అయ్యాక కేడర్ కూడా కొత్త జిల్లాల ప్రకారం పంచాలని 2021 డిసెంబరులో జీవో 317 వచ్చింది. సీనియారిటీ ప్రకారం ఆప్షన్లు. సీనియర్లందరూ పట్టణం ఉన్న జిల్లా కోరుకున్నారు, నాలాంటి జూనియర్ మిగిలిన జిల్లాకు పోయింది. పుట్టిందీ చదివిందీ ఒక జిల్లా, ఇప్పుడు నేను స్థానికేతరురాలినైన జిల్లాలో ఉద్యోగం. మా ఆయన పాత జిల్లాలోనే. ఉమ్మడి జిల్లా ఉన్నప్పుడు అది బదిలీ అడిగే దూరం. ఇప్పుడు కేడర్ గోడ.

పటం మీద గీత గీసేవాళ్లకు ఇది కనపడదు.

విశాఖ_వినోద్

ఆంధ్రలో అలా చేయలేదు కదా? మా చెల్లి మెగా డీఎస్సీ రాసింది, పోస్టులు పాత 13 జిల్లాల ప్రకారమే ఇచ్చారు.

పాత_తాసిల్దార్

అవును, అక్కడ కేడర్ పాతదే. జిల్లా పరిషత్తులు కూడా 13గానే కొనసాగాయి. అంటే కలెక్టర్లు 26, జెడ్పీ చైర్మన్లు 13. తెలంగాణలో హైదరాబాద్ తప్ప మిగతావాటికి 2019లో 32 జెడ్పీలు వచ్చాయి. మీ జిల్లాలు ఎన్ని అని అడిగితే, ఏ శాఖ జిల్లాలు అని ఎదురు ప్రశ్న వేయాల్సిన పరిస్థితి.

తిక్క_శంకరం

మా మామయ్య ఆధార్‌లో ఒక జిల్లా, పాస్‌బుక్కులో ఒక జిల్లా, పెళ్లి శుభలేఖలో మూడో జిల్లా. శుభలేఖ ఒక్కటే కరెక్టట, ఎందుకంటే దాన్ని అత్తయ్య ప్రూఫ్ చూసింది.

ప్రసాద్_హైకోర్టు_రోడ్

కానీ ఒక లాభం ఎవరూ చెప్పలేదు. జిల్లాలు పెరిగితే కేంద్రం నిధులు పెరుగుతాయి. 33 జిల్లాలంటే 33 వాటాలు. అందుకే అన్ని రాష్ట్రాలూ ఎగబడుతున్నాయి.

శ్రావణి_ఎస్జీటీ

సగం నిజం. కేంద్రానికి జిల్లాకో నవోదయ స్కూలు అన్న విధానం ఉంది. 2016లో జిల్లాలు చేశాక మా కొత్త జిల్లాల్లో చాలావాటికి ఏళ్ల తరబడి నవోదయ రాలేదు. 2024 డిసెంబరులో దేశం మొత్తానికి 28 మంజూరు చేస్తే అందులో 7 తెలంగాణకు వచ్చాయి. వచ్చిన మాట నిజమే, ఎనిమిదేళ్లకు. జిల్లా బోర్డు పెట్టగానే డబ్బు దానంతటది రాదు.

లెక్కల_మాస్టారు

రాష్ట్రాలకు కేంద్ర పన్నుల వాటా పంచేటప్పుడు ఆర్థిక సంఘం జనాభా, విస్తీర్ణం, ఆదాయ వ్యత్యాసం లాంటివి చూస్తుంది. ఎన్ని జిల్లాలున్నాయన్నది ఆ లెక్కలో లేదు. లేకపోతే ఈపాటికి తిక్క_శంకరం గారి అపార్ట్‌మెంటు కూడా జిల్లా అయ్యేది.

తిక్క_శంకరం

అసోసియేషన్ మీటింగులో ప్రతిపాదన పెట్టేశాను. జిల్లా కేంద్రం ఏ బ్లాకులో ఉండాలన్న దగ్గర గొడవై వాయిదా పడింది.

గోదారి_గట్టు

నవ్వులాట కాదు, అసలు గొడవలు అక్కడే. హిందూపురం స్థానంతో జిల్లా చేసి కేంద్రం పుట్టపర్తిలో పెడితే హిందూపురం వాళ్లు రోడ్డెక్కారు. సంఖ్య తేల్చడం కన్నా కేంద్రం తేల్చడం కష్టం.

పటాల_పిచ్చి

ఇంకో సందేహం. కొన్నేళ్లు ఎవరూ కదలరు, ఉన్నట్టుండి అందరూ జిల్లాలు ప్రకటిస్తారు. ఎన్నికలేనా?

పాత_తాసిల్దార్

ఎన్నికలు ఒకటి, జనగణన ఇంకొకటి. లెక్కింపుకు ముందు ఊరు ఏ మండలం, ఏ జిల్లా అన్నది ఖాయం కావాలి. లేకపోతే ఒకే ఊరిని ఇద్దరు లెక్కపెడతారు, లేదా ఎవరూ లెక్కపెట్టరు. అందుకని ఒక తేదీ తర్వాత హద్దులు కదపొద్దని రాష్ట్రాలకు లేఖ వస్తుంది. 2021 గణన వాయిదా పడుతూ వచ్చింది కాబట్టి ఆ తేదీ కూడా జరుగుతూ వచ్చింది. 2027 గణన కోసం ఈమధ్యే మళ్లీ రాశారు, 2025 డిసెంబరు 31 లోపు మార్పులు ముగించాలని. చేయాలనుకున్న రాష్ట్రం ఈ ఆరు నెలల్లో చేస్తుంది. తప్పితే లెక్కింపు ముగిసేదాకా ఆగాలి.

సీలేరు_గాలి

అయితే మాకున్న టైము అంతేనన్నమాట. రంపచోడవరం కేంద్రంగా విడి జిల్లా కావాలని మావాళ్లు అడుగుతున్నారు. మాస్టారూ, మీ లెక్క ప్రకారం మాకు వస్తుందా? జనాభా చూస్తే మేం చాలా తక్కువ.

లెక్కల_మాస్టారు

జనాభా చూస్తే రాకూడదు. దూరం చూస్తే ఎప్పుడో రావాల్సింది. ఏది చూస్తారో నాకు తెలిస్తే నేను మాస్టారుగా ఎందుకుంటాను.

పాత_తాసిల్దార్

ముసాయిదా వస్తే మాత్రం అభ్యంతరం కాదు, సమ్మతి అయినా సరే కాగితం మీద రాసివ్వండి. నమూనా మీద సంతకం పెట్టకండి. మోతుగూడెం ఘాటులో ఏ నెలలో ఎన్నిసార్లు దారి మూసుకుపోయిందో, బస్సు ఎన్నింటికో రాయండి. గోనె సంచిలో చదివించేది ఆ కాగితమే.

సీలేరు_గాలి

బస్సు టైములు రాయడానికి బస్సు ఉండాలి సార్. జీపు టైములు రాస్తా.

పటాల_పిచ్చి

మా వాడు పటం పూర్తి చేశాడు. అల్లూరి జిల్లా రంగు వేసేటప్పుడు పెన్సిలుతోనే వేశాడు, స్కెచ్ పెన్ వాడలేదు. ఎందుకురా అంటే, "మళ్లీ చెరపాలేమో కదా నాన్నా" అన్నాడు.